చూద్దాం అన్నారు సరే, తర్వాతేంటి?

(కూకట్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ హాల్లో ఆదివారం సాయంత్రం ఉద్యోగుల కోసం పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త 27 ఏళ్లు హెచ్ఆర్‌లో పనిచేసి రిటైరయ్యారు.)

అందరికీ నమస్కారం. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. జీతం పెంచమని అడగడానికి వెళ్లే ప్రతివాడికీ ఇంట్లో ఎవరో ఒకరు ఈ సామెత చెప్పి పంపిస్తారు. అడిగాక కూడా పెట్టకపోతే ఏం చేయాలో మాత్రం సామెత చెప్పదు. ఇవాళ నేను మాట్లాడేది ఆ మిగిలిపోయిన సగం గురించే.

ముందే ఒక విషయం ఒప్పుకుంటాను. నేను టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్న మనిషిని. "బడ్జెట్ కాస్త టైట్‌గా ఉందమ్మా", "ఇంకొంచెం ఓనర్‌షిప్ చూపించాలి", "వచ్చే సైకిల్లో చూద్దాం". ఈ మాటలు నా నోటితో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. (నవ్వులు) మేనేజర్లకి ఈ మాటలు నేర్పించింది కూడా మేమే. మన ఆఫీసుల్లో "చూద్దాం" అనేది చాలా సౌకర్యమైన మాట. అవునని కాదు, కాదని కాదు. అన్నవాడికి బరువు దిగిపోతుంది, విన్నవాడి నెత్తిన పడుతుంది. నాకు ఉద్యోగం కొత్తలో ఒక మందుల కంపెనీలో మా డైరెక్టర్ గారు ఈ మాటే అన్నారు. నేను దాన్ని పట్టుకుని మూడేళ్లు కూర్చున్నాను. ఆయన మాత్రం నేను గది దాటకముందే మర్చిపోయారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మా మేనకోడలి సంగతి చెప్తాను. పేరొద్దు, మీలో ఒకరిద్దరికి తెలిసినా తెలియవచ్చు. గచ్చిబౌలి వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. ఆరేళ్ల అనుభవం. బోనస్సులూ అవీ పక్కన పెడితే ఏడాదికి 10 లక్షలు. రెండు లక్షలు పెంచమని, అంటే 20 శాతం, మే నెలలో అడిగింది. హైక్ లెటర్ వచ్చింది. 6 శాతం. నెలకు 5 వేలు, పీఎఫ్ పోగా చేతికొచ్చేది ఇంకా తక్కువ.

మేనేజర్ అన్న మాటలివి: "నీ పని చాలా బాగుంది, అందులో డౌట్ లేదు. కాకపోతే ఇంకొంచెం విజిబిలిటీ కావాలి. బడ్జెట్లు కూడా నీకు తెలుసు కదా. వచ్చే సైకిల్లో చూద్దాం." పదిహేను నిమిషాల మీటింగ్ ఎనిమిది నిమిషాల్లో అయిపోయిందట.

ఆ సాయంత్రం రాయదుర్గం స్టేషన్‌లో మెట్రో ఎక్కింది. అమీర్‌పేటలో మారాలి. మారలేదు, నాగోలు దాకా వెళ్లిపోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇంటికొస్తే వాళ్ల అత్తగారు టీ ఇస్తూ "ఎంత పెరిగిందమ్మా?" అన్నారు. పాపం ఆవిడ మామూలుగానే అడిగారు. ఈ ప్రశ్న మన ఇళ్లలో హైక్ లెటర్ కంటే ముందే వచ్చి కూర్చుంటుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్దమ్మ కొడుకుకి 30 శాతం వచ్చిందని అదే వారం స్వీట్ల ఫొటో వచ్చింది. అతను కంపెనీ మారాడన్న సంగతి ఆ ఫొటోలో ఉండదు.

రాత్రి పదకొండున్నరకి రాజీనామా మెయిల్ టైప్ చేసింది. పంపకుండా నాకు ఫోన్ చేసింది. "మామయ్యా, నేను అక్కడ పనికిరానని చెప్పేశారు" అంది. నేను "ఆ మాట అన్నాడా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అలా అనలేదు. అర్థం అదే" అంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. కాదన్న మాట మనలో ఎలా పనిచేస్తుందో ఇందులో ఉంది. మధ్యాహ్నం విన్నది "విజిబిలిటీ కావాలి". సాయంత్రానికి అది "నీ పని ఎవరికీ తెలియదు" అయ్యింది. రాత్రికి "నువ్వు పనికిరావు" అయ్యింది. మూడో రోజుకి మేనేజర్ అనని వాక్యాలు కూడా ఆయన గొంతుతోనే వినిపిస్తాయి. వచ్చే మీటింగుకి మనం ఆ అనని వాక్యాలకు జవాబులు సిద్ధం చేసుకుని వెళ్తాం. ఆయనకి మనం ఏం మాట్లాడుతున్నామో అర్థం కాదు.

అందుకే ఆమెతో అదే రాత్రి ఒక పని చేయించాను. ఆయన అన్న మాటలు అన్నవి అన్నట్టే కాగితం మీద రాయమన్నాను. మన అభిప్రాయం లేకుండా, ఆయన వాడిన పదాలతోనే. నాలుగు వాక్యాలు తేలాయి, మీకు ఇందాక చదివినవి. దాని కింద గీత గీసి "నాకు అనిపించింది" అని రాసి, అక్కడ ఎంత కావాలంటే అంత తిట్టుకోమన్నాను. రెండు పేజీలు రాసింది. (నవ్వులు) ఆ రెండు పేజీలూ వృథా కాలేదు, అవి బయటికి వచ్చాకే నిద్రపట్టింది. మీటింగుకి పనికొచ్చింది మాత్రం పైన ఉన్న నాలుగు వాక్యాలే.

ఇంకో షరతు పెట్టాను. మూడు రోజులపాటు పొద్దుపోయాక ఆఫీసుకి ఏ మెయిలూ రాయకూడదు. టీమ్‌లో ఎవరితోనూ ఈ సంగతి చెప్పకూడదు. ఇంట్లో భర్తతో చెప్పుకో, నాతో చెప్పుకో. పక్క సీటు వాళ్లతో చెబితే లంచ్ టైమ్‌కల్లా మేనేజర్‌కి చేరుతుంది. చేరేటప్పటికి దానికి రెండు కొమ్ములు కూడా మొలుస్తాయి.

సరే, ఇప్పుడు గోడకి అవతల ఏం జరిగిందో చెప్తాను. ఇది తెలియకపోతే మళ్ళీ అడిగినా అదే జవాబు వస్తుంది.

ఒక టీమ్‌లో 12 మంది ఉన్నారనుకోండి. అందరి జీతాలూ కలిపితే ఏడాదికి కోటీ 20 లక్షలు. పై నుంచి 8 శాతం పెంచుకోవచ్చని మేనేజర్‌కి చెబుతారు. అంటే 9 లక్షల 60 వేలు. దీన్ని పూల్ అంటారు. ఇద్దరికి ప్రమోషన్ ఉంది, తలా రెండు లక్షలు పోయాయి. మిగిలింది 5 లక్షల 60 వేలు, మనుషులు పదిమంది. సగటున తలా 56 వేలు. అందులో ఒకమ్మాయి రెండు లక్షలు అడిగింది. ఆమెకి ఇస్తే మిగతా తొమ్మిది మందికి 40 వేల చొప్పున వస్తుంది. తొమ్మిది మంది మొహాలు రేపట్నుంచి చూడాల్సింది ఆ మేనేజరే.

ఇవి లెక్క తెలియడానికి చెప్పిన అంకెలు, కంపెనీని బట్టి మారతాయి. పద్ధతి మాత్రం చాలాచోట్ల ఇదే. ఇంకో సంగతి ఏంటంటే ఈ పూల్ ఏప్రిల్‌లో తయారవదు. ఏప్రిల్ నుంచి మార్చి లెక్క నడిపే కంపెనీల్లో డిసెంబర్, జనవరి ప్రాంతంలో బడ్జెట్ అంచనాలు మొదలవుతాయి. ఫిబ్రవరి, మార్చిలో రేటింగులు. మే నెలలో అడిగిన మనిషి, పంక్తి లేచి విస్తళ్లు తీస్తున్నప్పుడు భోజనానికి వచ్చినట్టు. వంట బాగాలేదనీ కాదు, వచ్చినవాడు కానివాడనీ కాదు.

రేటింగుల దగ్గర ఇంకో గది ఉంటుంది. ఒకే స్థాయి మేనేజర్లు ఐదారుగురు, పైన వాళ్ల బాసు, పక్కన మా హెచ్ఆర్ మనిషి. ఒక్కో పేరూ చదువుతారు. "ఈ అమ్మాయికి టాప్ రేటింగ్ అడుగుతున్నాను" అని మీ మేనేజర్ అంటాడు. "ఎవరామె?" అని పక్క టీమ్ మేనేజర్ అంటాడు. అక్కడ మీ తరఫున మాట్లాడటానికి ఉన్న టైమ్ ఒకటి రెండు నిమిషాలు. మీరు ఏడాది పొడుగునా పడ్డ కష్టం ఆ నిమిషంలో రెండు వాక్యాలు కావాలి. కాకపోతే రేటింగ్ ఒక మెట్టు దిగుతుంది, దాంతోపాటు శాతమూ దిగుతుంది.

ఇన్ని గదులు తిరిగి వచ్చిన మేనేజర్ మీ ఎదురుగా కూర్చుని అదంతా చెప్పలేడు. "నీ కోసం పోరాడాను, ఓడిపోయాను" అంటే చిన్నతనం. "పోరాడలేదు" అంటే ఇంకా కష్టం. పక్కవాళ్ల జీతాలు చెప్పకూడదు. అందుకని "విజిబిలిటీ" అంటాడు. మసకమాట వెనకాల ఉన్నది కుట్ర కావాలని లేదు, చాలాసార్లు మొహమాటమే.

నా అనుభవంలో ఆ మసక వెనకాల ఉండే "కాదు" మూడు రకాలు. డబ్బు లేక అనే "కాదు". ఇచ్చే అధికారం ఈయన చేతిలో లేక అనే "కాదు". ఈ మనిషికి అంత ఇవ్వాలని నమ్మకం కుదరక అనే "కాదు". వినడానికి మూడూ ఒకేలా ఉంటాయి, చేయాల్సిన పని మాత్రం వేరు వేరు. మొదటిదైతే మీరు మార్చాల్సింది అడిగే నెల. రెండోదైతే వినాల్సిన మనిషి వేరు. మూడోదైతే చూపించాల్సిన పని వేరు. అందుకని రెండో మీటింగ్‌లో మళ్ళీ డబ్బు అడగకూడదని నేనంటాను. ఆ మీటింగ్ పని ఒక్కటే, ఇది ఏ రకం "కాదు" అన్నది తెలుసుకోవడం.

మా మేనకోడలు పది రోజులు ఆగి అరగంట టైమ్ అడిగింది. వారంవారం పని గురించి జరిగే మీటింగ్ చివర్లో ఇరికించలేదు, వేరేగా పెట్టించుకుంది. వెళ్లేముందు ఒక పేజీ తయారు చేయించాను. మొదటిసారి ఆమె రాసింది చూసి వెనక్కి ఇచ్చేశాను. "ఆరేళ్లుగా నిజాయితీగా కష్టపడుతున్నాను, వీకెండ్లు కూడా పనిచేశాను" అని ఉంది. నిజమే కానీ ఆ గదిలో ఎవరూ పైకి చదివే వాక్యం కాదది.

"అసలు నువ్వు లేకపోతే అక్కడ ఏం ఆగేది?" అని అడిగాను. అప్పుడు చెప్పింది. నెలకి రెండు రిలీజులు ఉంటాయట. ప్రతిదానికి ముందు, కొత్త మార్పు వల్ల పాతవి ఏమైనా చెడిపోయాయా అని మొత్తం మళ్ళీ చూడాలి. చేత్తో చేస్తే ముగ్గురికి రెండు రోజులు. ఈమె స్క్రిప్టులు రాసి, అది రాత్రిపూట దానంతటదే నడిచేలా చేసింది. అంటే రిలీజుకి ఆరు, నెలకి పన్నెండు పనిదినాలు మిగిలాయి. ఈ మాట ఆమె మే మీటింగ్‌లో చెప్పనే లేదు! "అది నా పనే కదా మామయ్యా" అంది. మన పెంపకం అలాంటిది. చేసింది చెప్పుకుంటే డప్పు కొట్టుకున్నట్టు.

మీటింగ్ ఎలా జరిగిందో ఆమె చెప్పినట్టే చెప్తాను. అక్కడ పేరు పెట్టే పిలుచుకుంటారు గానీ, తెలుగులో మాట్లాడుకునేటప్పుడు ఆయన్ని మీరు అంటుంది.

"ఈసారి హైక్ గురించి వాదించడానికి రాలేదండి. అది అయిపోయింది. మీరు విజిబిలిటీ అన్నారు కదా, అది నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఎవరికి కనపడాలి?"

ఆయన మొదట మళ్ళీ అదే పాట పాడాడు. ఓనర్‌షిప్, ఇంపాక్ట్, ఇలా. ఈమె మధ్యలో అడ్డు రాలేదు. ఆయన ఆపాక, "ఉదాహరణకి పోయిన ఏడాది నేను ఏం చేసుంటే మీకు విజిబిలిటీ ఉందనిపించేది?" అని అడిగి ఊరుకుంది. ఊరుకోవడం చాలా కష్టం. మనకి మౌనం అంటే భయం, వెంటనే మనమే "అంటే నేను ప్రెజెంటేషన్లు ఇవ్వాలా?" అని జవాబు కూడా ఇచ్చేస్తాం, ఆయన "ఆ, అదే" అనేస్తాడు. ఈమె నోట్‌బుక్ వైపు చూస్తూ కూర్చుంది.

అప్పుడు ఆయన అన్నాడట: "నిజం చెప్పాలంటే, రేటింగ్ మీటింగ్‌లో నీ పేరు చెప్తే మిగతా ఇద్దరు మేనేజర్లకి నువ్వెవరో తెలియలేదు. నేను చెప్పాను. కానీ నా దగ్గర చెప్పడానికి నంబర్లు లేవు."

అదీ సంగతి. పది రోజులు నిద్ర చెడగొట్టిన "విజిబిలిటీ" అంటే, ఇద్దరు మనుషులకి ఆమె తెలియకపోవడం, ఒక అంకె లేకపోవడం. అప్పుడు ఆ పేజీ తీసి ఇచ్చింది. పన్నెండు పనిదినాల దగ్గర ఆయన ఆగి, "ఇది నాకెందుకు చెప్పలేదు?" అన్నాడట.

తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. "ఇది మీ చేతిలో ఉందా, పైన నిర్ణయించాలా?" "బడ్జెట్ అంచనాలు మీరు ఎప్పుడు పంపిస్తారు? దానికి ముందు మనం మళ్ళీ ఎప్పుడు కూర్చుందాం?" పైన నిర్ణయించాలని, డిసెంబర్‌లో పంపిస్తానని, నవంబర్‌లో కూర్చుందామని ఆయన చెప్పాడు. "చూద్దాం" అన్న మాటకి ఒక నెల, ఒక గది, ఇద్దరు మనుషులు వచ్చి చేరారు.

అదే రోజు ఆమె ఆయనకి మెయిల్ పెట్టింది. ఇంగ్లీషులోనే పెట్టింది, నేను తెలుగులో చెప్తున్నాను: "ఇవాళ టైమ్ ఇచ్చినందుకు థాంక్స్. నాకు అర్థమైంది ఇది. ఒకటి, ఈ టెస్టింగ్ పద్ధతిని అక్టోబర్‌లోపు మిగతా రెండు టీములకి కూడా నేను నేర్పించాలి. రెండు, ఎంత టైమ్ మిగిలిందో ప్రతి నెలా మీకు పంపించాలి. మూడు, నవంబర్ మొదటి వారంలో జీతం గురించి మళ్ళీ మాట్లాడుకుంటాం. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి." అంతే. ఇందులో ఫిర్యాదు లేదు, బెదిరింపు లేదు. జీతం పెంచుతామని మీరు హామీ ఇచ్చారు అనే మాట కూడా లేదు, ఎందుకంటే ఆయన ఇవ్వలేదు. ఇవ్వని హామీని మెయిల్లో రాస్తే ఆయన మాకు ఫోన్ చేస్తాడు, మేము ఆయన చేత ఇంకో మసక జవాబు రాయిస్తాం. (నవ్వులు)

ఆగస్టులో ఆ మేనేజర్ వెళ్లిపోయాడు. అవును, వేరే కంపెనీకి. ఇది చాలామందికి జరుగుతుంది, నోటిమాట మీద నడిచిన ఒప్పందాలు అక్కడితో సరి. ఈమె కొత్తగా వచ్చిన ఆవిడకి ఆ మెయిల్‌నీ, రెండు నెలల లెక్కల్నీ పంపించి, "ఇది ఇలా మొదలైంది, మీకు వేరే అభిప్రాయం ఉంటే ఇప్పుడే చెప్పండి" అంది. ఆవిడ అక్టోబర్‌ని నవంబర్ చేసింది, మిగతాది ఉంచింది.

మరుసటి ఏప్రిల్‌లో 13 శాతం వచ్చింది. 10 లక్షల 60 వేల మీద, అంటే దాదాపు 11 లక్షల 98 వేలు. మొదట ఆమె అడిగింది 12 లక్షలు. ఏడాది ఆలస్యంగా, రెండు వేలు తక్కువగా వచ్చింది. ఆ ఏడాది డబ్బు పోయినట్టే, అది తిరిగి రాలేదు. వాళ్ల అత్తగారికి మాత్రం 13 అనే అంకె నచ్చలేదు. (నవ్వులు)

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక శ్రోత: సార్, మాకు ప్రతిసారీ కొత్త కారణం చెప్తున్నారు. ఒకసారి ప్రాజెక్టు అన్నారు, ఒకసారి మార్కెట్ అన్నారు, మొన్న మీకన్నా సీనియర్లు ఉన్నారన్నారు. ఇలాంటప్పుడు ఏం చేయాలి?)

మీరు ప్రతిసారీ వాళ్లు చెప్పింది చేసి చూపించారా? చేశారు. అయినా కారణం మారింది. అయితే అది నేను చెప్పిన మూడో రకం బాబూ. వాళ్లు ఇవ్వదలచుకోలేదు, ఎందుకో చెప్పదలచుకోలేదు. ఎవరికైనా రెండుసార్లు చూస్తాను. మొదటి కారణం తీర్చాక రెండోది చెప్తే పోనీ అనుకోవచ్చు. రెండోది కూడా తీర్చాక మూడోది పుట్టుకొస్తే, ఇక మీ టైమ్ అక్కడ మీటింగులకి కాకుండా బయట ఇంటర్వ్యూలకి పెట్టండి. మీ నోటీసు పీరియడ్ ఎంత? 90 రోజులా. అయితే ఇప్పుడే మొదలుపెట్టండి. మూడు నెలలు ఆగుతామనే కంపెనీని వెతకడానికే కొంత టైమ్ పడుతుంది.

(ఇంకో శ్రోత: ఆఫర్ లెటర్ తెచ్చి చూపిస్తే పెంచుతారంటారు కదండీ?)

పెంచుతారమ్మా, కొన్నిచోట్ల. నేనే పెంచి ఆపాను కొందరిని. కానీ చూపించే ముందు ఒకటి తేల్చుకోండి. మీ మేనేజర్ లేచి చెయ్యి కలిపి "కంగ్రాట్స్" అంటే మీరు నిజంగా వెళ్లిపోగలరా? వెళ్లగలిగితేనే చూపించండి. లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పకండి. ఒకబ్బాయి నా ముందు అలాగే చెప్పాడు. "ఎప్పుడు చేరాలి?" అని మామూలుగా అడిగాను. అతను చెప్పిన తేదీ ఆదివారం.